రెండు చుక్కల కబురు

ఒక మనిషి చనిపోయాడని చెప్పడానికి ఎన్ని చుక్కలు కావాలి? పత్రికలో పనిచేసిన రోజుల్లో నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగితే, ఒక్కటి చాలు, అదీ చివర్లో, అనేవాణ్ని. పద్దెనిమిదేళ్లు జిల్లా ఎడిషన్ డెస్కులో కూర్చుని కొన్ని వేల చావులు రాశాను. పేరు, ఊరు, వయసు, ఏ రోజు పోయారు, వెనక ఎవరున్నారు. నాలుగు లైన్లు, ఒక ఫుల్‌స్టాప్. ఆ నాలుగు లైన్లు చదివి జనం బస్సెక్కి వచ్చేవాళ్లు.

ఎడిషన్ మూసేశాక ఉమాశంకర్ నన్ను పిలిచి ఉద్యోగమిచ్చాడు. విజయనగరం రింగురోడ్డులో ఎలక్ట్రికల్ షాపు మీద మేడగది. సైట్ పేరు 'గుప్పు'. ఎక్కడ ఏది గుప్పుమన్నా మా దగ్గర దొరుకుతుందని ఆయన ఉద్దేశం. ముగ్గురం ఉంటాం. యజమాని ఉమాశంకర్, బొమ్మలు చేసే ఝాన్సీ, హెడ్డింగులు పెట్టే మోహనకృష్ణ అనే నేను.

హెడ్డింగుకి మా దగ్గర మొదటి నియమం, పేరు చెప్పకూడదు. పేరు చెబితే పాఠకుడికి విషయం తెలిసిపోతుంది, తెలిసిపోతే లోపలికి రాడు. అందుకని 'ఆ హీరో', 'ఆ నటి', 'ఆ సీరియల్ అత్తగారు'. మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకోవలసింది 'ఆ' అనే అక్షరం. తర్వాత రెండు చుక్కలు. ఆ తర్వాత 'చూస్తే షాక్' గానీ 'కన్నీళ్లాగవు' గానీ. రెండూ కుదిరితే ఉమాశంకర్ టీ తెప్పిస్తాడు.

లోపలికొచ్చినవాడికి ఏమీ ఉండదు. హెడ్డింగు పైన ఒక యాడ్, ఫొటో కింద ఒక యాడ్, రెండు లైన్లకొకటి చొప్పున వరసగా యాడ్లు. తెర అడుగున ఒకటి ఎప్పుడూ అతుక్కునే ఉంటుంది. దాని మూల ఇంటూ గుర్తు నువ్వుగింజంత. 'తర్వాతి పేజీ' అన్న మా బటనూ, ఎవడిదో యాప్ దింపుకోమనే బటనూ ఒకే ఆకుపచ్చ. పేజీ తెరుచుకునే లోపల ఆలస్యంగా ఒక యాడ్ వచ్చి పడి, లైన్లన్నీ కిందకి జారతాయి. మీరు వార్త మీద పెట్టిన వేలు యాడ్ మీద పడుతుంది. పొరపాటు మీదే, లాభం మాది. అడుగున పొట్ట తగ్గడానికీ మోకాళ్ల నొప్పులకీ వైద్యం చెప్పే పెట్టెలు. నూటయాభై మాటల విషయాన్ని ఏడు పేజీలుగా కోసి పెడతాం. అసలు సంగతి ఏడో పేజీలో, అదీ ఒక్క వాక్యం.

పెద్ద యాడ్ల కంపెనీ ఒకటుంది. వాళ్ల యాడ్లొస్తే డబ్బులు బాగుంటాయని ఉమాశంకర్ రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ ఒకటే జవాబు, మీ సైట్‌లో ఉన్నది విలువ తక్కువ సరుకు అని. ఆయన ఆ ఉత్తరాన్ని తిట్టుకున్నాడు. నేను మాత్రం, ఎవరో మనల్ని శ్రద్ధగా చదివారు, అనుకున్నాను. ఏమీ పట్టించుకోని చిన్న కంపెనీల యాడ్లతో బండి నడుపుతున్నాం.

ఒక మంగళవారం పొద్దున్న, ఒక టీవీ సీరియల్లో తాతయ్య పాత్రని చంపేశారు. తాతయ్య వేషం వేసినాయన దేవేంద్ర. కళింగపట్నం మనిషి, రైతు కుటుంబం. కుర్రతనంలో నాటకాలు ఆడి, ముసలితనంలో సీరియల్లోకి వెళ్లారు. ఆయన ఫొటోకి దండ వేసి, ఎదురుగా దీపం పెట్టి ఉన్న సీను ఒకటి బయటికొచ్చింది. నాకు అంతకన్నా ఏం కావాలి? ఐదు నిమిషాల్లో హెడ్డింగు పెట్టాను. 'బిగ్ బ్రేకింగ్: ఆ సీరియల్ తాతయ్య ఇక లేరు.. చివరి కోరిక వింటే కన్నీళ్లాగవు!'

ఇక లేరు అంటే సీరియల్లో లేరని. అబద్ధం ఆడానని నన్నెవరూ అనలేరు. ఝాన్సీ ఆ దండ ఫొటో చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, మూల ఏడుస్తున్న హీరోయిన్ మొహం అతికించింది. ఆ హీరోయిన్‌కి ఆ సీరియల్‌తో ఏ సంబంధమూ లేదు. ఏడో పేజీ చివర, 'అయితే ఇది కథలో భాగం మాత్రమే' అని రాసి, ఉమాశంకర్ తెప్పించిన టీ తాగాను.

మర్నాడు ఆఫీసు నంబరుకి ఫోనొచ్చింది. కంచులాంటి గొంతు.

"నాను పోయిన దేవేంద్రని మాటాడతన్నాను బాబూ."

కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తిడతారనుకున్నాను. పద్ధతిగా తిట్టించుకుని, క్షమాపణ చెప్పి, పోస్టు తీసేయడమే మా ఆనవాయితీ. ఆయన తిట్టలేదు. నిన్నటి నుంచి తమ ఇంటికి జనం వస్తున్నారని చెప్పారు. పదకొండు మంది వచ్చారట. మొహాలు వేలాడేసుకుని గుమ్మంలోకి రావడం, అరుగు మీద టీ తాగుతున్న ఈయన్ని చూసి కొయ్యబారిపోవడం. భావనపాడు నుంచి ఒకాయన ఏడ్చుకుంటూ వచ్చి, ఈయన బతికున్నందుకు ఒక గంట పోట్లాడి వెళ్లాడట. అంతా చెప్పి చివర్లో, ఆ పోస్టు తియ్యొద్దన్నారు. పదో రోజు దాకా ఉంచమన్నారు.

నాకు నవ్వొచ్చింది. నటులు! చచ్చిపోయాక ఎంతమంది వస్తారో బతికుండగానే లెక్క చూసుకుంటున్నాడు ముసలాయన, అనుకున్నాను. పదకొండో రోజున తీస్తాం లెండి, మీరు భోజనాలు పెట్టాక, అని హాస్యమాడాను. ఆయన నవ్వలేదు. పదో రోజు దాకా సాలు బాబూ, అని ఫోను పెట్టేశారు. ఉమాశంకర్‌కి చెబితే ఎగిరి గంతేశాడు. చచ్చినవాడే ఉంచమంటే తీయడానికి మనమెవరం, అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఒకావిడ మా మెట్లెక్కి వచ్చింది. అరవై అయిదు దాటి ఉంటాయి. బూడిదరంగు నేత చీర, బొట్టు లేదు, చేతిలో సంచీ కూడా లేదు, ఒక ఫోను తప్ప. నరసన్నపేట నుంచి వచ్చానని, తన పేరు తాయారని చెప్పింది. మా సైట్‌లో అడుగున చిరునామా ఉంటుంది. యాడ్ల కంపెనీలు అడుగుతాయని పెట్టిందే గాని, దాన్ని పట్టుకుని ఒక మనిషి నిజంగా వస్తుందని మేమెప్పుడూ అనుకోలేదు. ఝాన్సీ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. మా పేజీయే. చుట్టాల గ్రూపులో ఎవరో లింకు పంపారట. ఆరో పేజీలో ఆగిపోయి ఉంది, దాని మీద జాతకం చెబుతానంటూ ఒక యాడ్ తెరంతా కప్పేసింది. ఆవిడ నొక్కకూడని చోటల్లా నొక్కినట్టుంది. ఎవరివో రెండు యాప్‌లు దిగిపోయి, నిమిషానికొకసారి ఏదో ఒకటి టింగుమంటోంది. ఝాన్సీ ఆ ఫోను తీసుకుని ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చుంది. మేం పెట్టిన చెత్తను మేమే ఊడ్చడం అదే మొదటిసారి.

ఆవిడ నన్ను అడిగింది ఒకటే. ఇందులో ఏ రోజు పోయారో లేదు, ఏ ఊళ్లో పోయారో లేదు, పదో రోజు ఎప్పుడో లేదు. అవి చెబితే వెళ్లి పలకరించి వస్తాను, అంది.

పద్దెనిమిదేళ్లు ఆ వివరాలే రాసి బతికినవాణ్ని. ఇప్పుడు ఒక మనిషి బస్సుల మీద రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చి అవే అడుగుతుంటే, నా దగ్గర ఎర్ర సున్నా తప్ప ఏమీ లేదు. నా మీద నాకే మండింది. ఆ మంటలో, ఆవిడ ఇంకో మాట మాట్లాడక ముందే, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన పోలేదండి, సీరియల్లో పోయారు, అది నేనే రాశాను, తప్పు నాది, ఆయన కళింగపట్నంలో నిక్షేపంగా ఉన్నారు, మొన్ననే నాతో ఫోన్లో మాట్లాడారు, అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎంత హాయిగా అనిపించిందో! చాలా ఏళ్ల తర్వాత రెండు చుక్కలు లేని వాక్యం నా నోట్లోంచి వచ్చింది.

ఆవిడ మొహంలో సంతోషం కోసం చూశాను. సంతోషం ఉంది, లేదని అనను. కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది. కానీ కళ్లు తెరిచాక ఇంకేదో కూడా ఉంది. బస్సు వెళ్లిపోయాక స్టాండుకి చేరిన మనిషిలా ఉంది.

తర్వాత నెమ్మదిగా కొంత చెప్పింది. మధ్యలో ఆగుతూ, ఝాన్సీ వైపే చూస్తూ చెప్పింది.

వాళ్ల నాన్నగారిది నరసన్నపేటలో బట్టలకొట్టు. చుట్టుపక్కల ఊళ్లలో నాటకమైతే ఆడవేషాలకి చీరలు ఆ కొట్టు నుంచే అరువు తీసుకెళ్లేవాళ్లు. అప్పట్లో ఆడవేషాలు దేవేంద్రవే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, సన్నగా ఉండేవాడు. చీర తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కుచ్చిళ్లు ఎలా పెట్టాలో తెలియక తికమకపడితే, ఆవిడ తన చీర మీదే పెట్టి చూపించేది, కొట్టు గుమ్మంలో, అందరూ చూస్తుండగానే. నాటకమయ్యాక చీర తిరిగొచ్చేది. ఈవిడ మడతపెట్టి ఇచ్చిన మడతలోనే తిరిగొచ్చేది. అంచుకి మొహం రంగు అంటితే వాళ్ల నాన్న తిట్టకుండా ఈవిడే ఉతికి ఆరేసేది. ఒక్క చీరకి మాత్రం మరక వదల్లేదని చెప్పి తన పెట్టెలో పెట్టేసుకుంది. ఆ తర్వాత ఆవిడకి బియ్యం వ్యాపారం చేసే ఇంట్లో పెళ్లయింది. దేవేంద్ర పెళ్లి చేసుకోలేదు. అంతే. ఆ ఇద్దరి మధ్యా ఇంకో మాట జరగలేదు.

"మా ఇంటాయన పోయినప్పుడు వచ్చినాడు," అంది తాయారు. "ఆరేళ్లైపోనాది. గుమ్మం పక్కన నిలబడి, వచ్చాను, అన్నాడు. అంతే. కాసేపున్నాడు. సావింటి కాడ ఎల్లొత్తానని అనకూడదు కదా, అనకుండానే ఎలిపోనాడు."

ఝాన్సీ చేతిలో ఆ ఫోను మళ్లీ టింగుమంది.

"బతికున్నోళ్లింటికి ఎల్లాలంటే పని ఉండాలి, సుట్టరికం ఉండాలి. సావింటికైతే ఎవులైనా ఎల్లొచ్చు. ఎందుకొచ్చావని ఎవులూ అడగరు. ఆళ్లింట ఇన్నాళ్లూ ఏ సావూ అవనేదు బాబూ. ఈ కబురు సూసి, నా వంతు వచ్చిందనుకున్నాను."

ఏడవడానికైనా సరే, ఆ రకంగానైనా ఒకసారి ఆ గుమ్మం చూస్తాననుకుంది. కొడుకుతో తెలిసినవాళ్లింట పలకరింపుకి అని చెప్పి వచ్చింది. అందుకే ఒట్టి చేతులతో వచ్చింది, పలకరింపుకి వెళ్లేవాళ్లు అలాగే వెళ్తారు కాబట్టి.

ఇంత దూరం రప్పించినందుకు ఏదో ఒకటి చెయ్యాలని, మీరు నమ్మి మోసపోయారు, క్షమించండి, అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది.

"నమ్మడమేటి. కొట్టుకాడ పెరిగినదాన్ని. కొట్లో సరుకు లేనప్పుడే మా నాన్న గుమ్మానికి రంగురంగులవి ఏలాడదీసేవోడు, దీపాలు ఎక్కువ ఎలిగించేవోడు. మీ దాంట్లో రెండో పేజీకే తెలిసిపోనాది నాకు. సావుకబురంటే పేరుంటాది, ఊరుంటాది, రోజుంటాది. అన్నన్ని సుక్కలుంటాయేటి?"

"మరి ఎందుకొచ్చారమ్మా?" అన్నాను.

"నిజమేమోనని కాదు బాబూ. నువ్వు అవునంటావేమోనని."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. నేను అవుననుంటే, ఆవిడ నేరుగా కళింగపట్నం వెళ్లేది. గుమ్మంలో ఆయన కనపడితే, పేపరువాళ్లు అవునన్నారు, అందుకని వచ్చాను, అనేది. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగేది. అన్ని అబద్ధాలు రాసిన నన్ను ఒక్క అబద్ధం అడగడానికి వచ్చింది ఆవిడ. నేను నిజం చెప్పాను.

పోనీ ఇప్పుడైనా వెళ్లండమ్మా, నేనే తీసుకెళ్తాను, మా తప్పుకి క్షమాపణ చెప్పడానికి వెళ్తున్నామందాం, అన్నాను. తల అడ్డంగా ఊపింది. తెలియక వెళ్తే వేరు, తెలిసి ఏ మొహం పెట్టుకుని వెళ్తాను, అంది. లేచి నిలబడి, బతికున్న మనిషి బొమ్మకి దండేసి ఉంచొద్దని, దాన్ని వెంటనే తీసెయ్యమని అడిగింది. ఆవిడ చూస్తుండగానే తీసేశాను. ఝాన్సీ ఫోను శుభ్రం చేసి ఇచ్చింది. లింకు మీద నొక్కి చూసుకుంది ఆవిడ. పేజీ కనబడలేదు అని వచ్చింది.

మెట్లు దిగేటప్పుడు వెళ్లొస్తానని అనలేదు. చావింటి నుంచి వెళ్లినట్టే వెళ్లింది.

ఆవిడ వెళ్లాక గాని దేవేంద్ర గారికి ఇచ్చిన మాట నాకు గుర్తురాలేదు. పదో రోజు దాకా ఉంచుతానన్నాను, అయిదో రోజుకే తీసేశాను. ఫోను చేశాను. ఎవరో పెద్దావిడ వచ్చి బాధపడితే తీసెయ్యాల్సి వచ్చిందండి, అన్నాను. ఏ ఊరని అడిగారు. నరసన్నపేట అన్నాను. అవతల ఒక హోరు వినబడింది. సముద్రం హోరు అనుకుందామా అంటే, అది ఆయన ఊపిరి. అప్పుడు తెలిసింది నాకు, ఆయన లెక్కపెట్టింది వచ్చినవాళ్లని కాదు. రావలసిన ఒక్కరి కోసం పది రోజులు అడిగారు.

"ఏటన్నాది?"

చెప్పాను. బతికున్నోళ్లింటికి పని ఉండాలి, చుట్టరికం ఉండాలి అన్నారని చెప్పాను. నిజం చెప్పేశానని కూడా చెప్పాను.

"అన్ని అబద్దాలు రాసినావు," అన్నారు దేవేంద్ర గారు. కోపంగా కూడా అనలేదు. "ఆ ఒక్కటీ నిలబెట్టలేకపోనావా బాబూ."

పత్రిక మూసేసిన రోజున కూడా నేను అంత చిన్నబోలేదు. అక్కడ నా పని తీసేశారు గాని, నా పని చెడ్డదని ఎవరూ అనలేదు. ఇక్కడ ఆయన ఒక్క మాటతో అదీ అనేశారు. ఫోను పెట్టెయ్యకుండా అడిగాను, నేనొక వార్త రాస్తానండి, పేరుతో ఊరుతో, మీరేం చెప్పమంటే అది రాస్తాను, అని. ఆయన ఆలోచించి ఒక వాక్యం చెప్పారు.

కొత్తగా పోస్టు వేస్తే ఆవిడకు చేరదు. ఆవిడ దగ్గరున్నది ఆ పాత లింకు ఒక్కటే. అందుకని తీసేసిన పాత పోస్టునే మళ్లీ తెరిచి, హెడ్డింగూ విషయమూ మొత్తం చెరిపేసి, అదే లింకులో కొత్తది రాశాను. ఏడు పేజీలు ఒక్కటి చేశాను. దండ ఫొటో తీసేసి, ఆయన అరుగు మీద కూర్చున్న మామూలు ఫొటో ఒకటి ఆయన్నే అడిగి తెప్పించి పెట్టాను. సున్నా చుట్టనా అని ఝాన్సీ అలవాటుగా అడిగి, నాలిక కరుచుకుంది. ఈ పేజీకి యాడ్లు వద్దు అనే గడి ఒకటి ఉంటుంది మా దాంట్లో. రెండేళ్లలో దాని మీద టిక్కు పెట్టడం అదే మొదలు. టిక్కు పెట్టాక పేజీ చూస్తే, కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది.

హెడ్డింగు: 'దేవేంద్ర బతికే ఉన్నారు'.

కింద నాలుగు లైన్లు. 'రంగస్థల నటుడు దేవేంద్ర (68) కళింగపట్నంలోని తమ ఇంట్లో క్షేమంగా ఉన్నారు. ఆయన మరణించినట్టు అర్థం వచ్చేలా మంగళవారం మేం రాసినది తప్పు. ఆయనకు మేనల్లుడి కుటుంబం ఉంది. పరామర్శకు రాదలచుకున్నవారు ఇప్పుడు కూడా రావచ్చునని ఆయన తెలియజేశారు.'

ఆ చివరి వాక్యమే ఆయన చెప్పింది. దాని చివర ఒక ఫుల్‌స్టాప్ పెట్టాను. ఆ చుక్క పెట్టినప్పుడు నా పాత డెస్కూ, సిరా వాసనా, మేమందరం చుట్టూ కూర్చునే అర్ధచంద్రాకారపు బల్లా, అన్నీ ఒక్కసారిగా కావాలనిపించాయి. చిన్నపిల్లాడిలా కావాలనిపించాయి.

ఉమాశంకర్ చూసి, ఇదేం హెడ్డింగయ్యా, చదవగానే అయిపోయింది, ఇంక లోపలికి ఎవడొస్తాడు, అన్నాడు. ఆయన అన్నది నిజమే. చుట్టాల గ్రూపుల్లో తిరుగుతున్న పాత లింకు వల్ల మొదటి మూడు రోజులు కొంతమంది వచ్చారు. తర్వాత తగ్గిపోయారు. రెండు వారాలకి ఆ పేజీ చచ్చిపోయిందనే అనుకున్నాం.

మా సైట్‌కి ఎవరొచ్చారో చూపించే లెక్కల పలక ఒకటుంది. ఏ ఊరి నుంచి చదివారో కూడా చెబుతుంది గాని, మా జిల్లాల విషయంలో దాన్ని నమ్మలేం. మన ఫోన్లన్నీ దానికి విశాఖపట్నంగానో హైదరాబాదుగానో కనపడతాయి. కానీ రెండు అంకెలు మాత్రం నమ్మొచ్చు. ఎన్ని ఫోన్ల నుంచి చూశారు, మొత్తం ఎన్నిసార్లు చూశారు. మా పేజీలకి ఈ రెండూ దాదాపు ఒకటే ఉంటాయి. మా దగ్గరికి ఒకసారి వచ్చి మోసపోయినవాడు అదే పేజీకి రెండోసారి రాడు కదా.

ఆ పేజీకి ఒక రోజు ఇలా ఉంది: ఫోన్లు ఒకటి, చూసినది ఆరుసార్లు. మర్నాడు ఫోన్లు ఒకటి, నాలుగుసార్లు. ఆ మర్నాడు ఫోన్లు ఒకటి, ఏడుసార్లు. ఝాన్సీని పిలిచి చూపించాను. అది ఏదైనా తప్పుడు లెక్కేమోనని తనూ ఓసారి సరిచూసింది. కాదు. ఎవరో ఒక్కరు, రోజూ, ఆ నాలుగు లైన్లు చదువుతున్నారు.

సరిగ్గా ఆ వారమే ఉమాశంకర్ పెద్ద కంపెనీకి మూడోసారి దరఖాస్తు పెట్టాలనుకున్నాడు. విలువ తక్కువ అనిపించుకోకుండా ఉండాలంటే చదివేవాళ్లు లేని పేజీలు, చిన్న పేజీలు తీసేయాలని ఎవరో చెప్పారట. తీసేయాల్సిన వాటి జాబితా నాకిచ్చాడు. ఎవరో హీరోయిన్ మేకప్ లేని మొహం చూపించే పేజీ జాబితాలో లేదు, దానికి రెండు లక్షల మంది ఉన్నారు. మొట్టమొదటి పేరు 'దేవేంద్ర బతికే ఉన్నారు'. పొడుగు నాలుగు లైన్లు, పాఠకులు ఒకరు.

నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాను, ఆఫీసులో. ఆ రోజు పెంచాను. రెండు లక్షల మందిలో ఒక్కడంటే ఒక్కడు వెనక్కొచ్చి చదివాడా, మన దాంట్లో విలువున్న పేజీ ఏదైనా ఉంటే ఇదొక్కటే, దాన్ని తీస్తే నన్నూ తియ్యండి, అన్నాను. ఉమాశంకర్ నా వైపు వింతగా చూసి, ఒక్క పేజీకి ఇంత గోలేమిటయ్యా, ఉంచుకో, అని జాబితాలో ఆ లైను కొట్టేశాడు.

సాయంత్రం దేవేంద్ర గారికి ఫోను చేశాను. ఆ రోజు తర్వాత మళ్లీ మాట్లాడటం అదే. ఎవరైనా వచ్చారా అని అడిగాను. రాలేదన్నారు. అరుగు మీద రెండో కుర్చీ వేసే ఉంచుతున్నానని, మేనల్లుడి పెళ్లాం దాని మీద బట్టలు ఆరేస్తుంటే తీయిస్తున్నానని చెప్పారు. అప్పుడు అంకెల సంగతి చెప్పాను. ఎవరో ఒక్కరే, ఒకే ఫోను నుంచి, రోజూ చదువుతున్నారండి, ఎవరో చెప్పలేను, అన్నాను.

"రోజుకెన్నిసార్లు?"

"నిన్న ఏడుసార్లు."

మళ్లీ ఆ ఊపిరి చప్పుడు. ఆయన ఏడు అనే అంకెని గొంతు లోపలే ఒకసారి అనుకున్నట్టుంది.

"అయితే దాన్ని తియ్యకు బాబూ."

నేను పాడు అలవాటు కొద్దీ, పదో రోజు దాకానా అని హాస్యమాడాను.

"అవును," అన్నారు దేవేంద్ర గారు. "నా పదో రోజు దాకా."